సబ్సిడీలో వాటా అడుగుతున్న ఏజెంటుకు డబ్బులివ్వాలా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి పాసయ్యాను. మేం బీసీలం. ఎనిమిదేళ్లుగా ఇంట్లోనే ఒక్క మిషన్ మీద జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నాను. నలుగురిని పెట్టుకుని షాపు తెరవాలని ఉంది. మా మండలంలో ఒకాయన పది లక్షల లోన్ ఇప్పిస్తానని, అందులో 35 శాతం సబ్సిడీ, అది కట్టక్కర్లేదని అంటున్నాడు. ఇప్పుడు ఫైల్ ఖర్చులకు 15 వేలు, లోన్ వచ్చాక లక్ష ఇవ్వాలట. బ్యాంకు మేనేజర్ తన మనిషేనని, తను లేకుండా ఎవరికీ రాదని చెబుతున్నాడు. ఆధార్, పాన్ జిరాక్సులు, ఫొటోలు ఇచ్చేశాను. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు కూడా అడుగుతున్నాడు. మా ఆయన ఇచ్చేద్దామంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: డబ్బులు ఇవ్వకండి అమ్మా. చెక్కులైతే అసలే ఇవ్వకండి. అయితే అతను చెప్పినదంతా అబద్ధం కాదు, అందుకే మీ ఆయన నమ్ముతున్నారు. పథకం నిజంగానే ఉంది. 35 శాతం సబ్సిడీ కూడా నిజమే. ఆ సబ్సిడీ ఎక్కడికి వస్తుంది, ఎప్పుడు మీదవుతుంది అన్నది మాత్రం అతను చెప్పలేదు. ఆ ఒక్క సంగతి తెలిస్తే అతను అడుగుతున్న లక్ష ఎవరి జేబులోంచి పోతుందో మీకే అర్థమవుతుంది. నేను చాలా ఏళ్లు బ్యాంకులో ఇలాంటి చిన్న లోన్ల పనే చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అతను చెబుతున్నది ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. అందరూ పీఎంఈజీపీ అంటారు. 2008లో మొదలైంది. దేశం మొత్తానికి ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ చూస్తుంది. జిల్లాలో ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం కూడా దరఖాస్తులు తీసుకుంటాయి. 18 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా పెట్టుకోవచ్చు, కుటుంబ ఆదాయానికి పరిమితి లేదు. పల్లెటూళ్లో యూనిట్ పెట్టే మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. పట్టణంలో పెడితే సబ్సిడీ 25 శాతమే. పంచాయతీ కింద ఉన్న ఊరైతే పల్లెగా, మున్సిపాలిటీ కింద ఉంటే పట్టణంగా లెక్క. కాబట్టి మీరు ఇల్లు ఒకచోట, షాపు దగ్గర్లోని టౌన్లో అనుకుంటుంటే మాత్రం 35 శాతం మీద లెక్క వేసుకోకండి. షాపు ఎక్కడుందో అదే చూస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సబ్సిడీ మీ చేతికి రాదు. మీ సేవింగ్స్ ఖాతాలోనూ పడదు. బ్యాంకు ముందు తన డబ్బుతో మీకు లోన్ ఇస్తుంది. తర్వాత ప్రభుత్వం నుంచి సబ్సిడీ వస్తే దాన్ని మీ పేరు మీద ఒక డిపాజిట్‌గా వేసి మూడేళ్లు తాళం వేసినట్టు ఉంచేస్తుంది. టీడీఆర్ అంటారు దాన్ని. ఆ మూడేళ్లూ దానికి మీకు వడ్డీ రాదు. లోన్‌లో దానికి సరిపోయే భాగం మీద బ్యాంకు కూడా మీ దగ్గర వడ్డీ తీసుకోదు. మూడేళ్లు పూర్తయ్యాక ఒకరు వచ్చి యూనిట్ చూస్తారు. షాపు నడుస్తోందా, బిల్లులో ఉన్న మిషన్లు అక్కడ ఉన్నాయా, వాయిదాలు కడుతున్నారా అన్నది చూసుకుని, అన్నీ బాగుంటే అప్పుడు ఆ డిపాజిట్‌ను మీ లోన్‌లో జమ చేస్తారు. షాపు మూతపడితేనో, మిషన్లు లేకపోతేనో సబ్సిడీ వెనక్కి పోతుంది. మొత్తం బాకీ మీ నెత్తిన ఉంటుంది.

మరి లోన్ రాగానే ఏజెంటుకు ఇవ్వాల్సిన లక్ష ఎక్కడి నుంచి వస్తుంది? సబ్సిడీ నుంచి రాదు, అది మూడేళ్లు కదలదు. లోన్ డబ్బు కూడా చాలావరకు మీ చేతికి రాదు. మిషన్ల డబ్బును బ్యాంకు నేరుగా మిషన్లు అమ్మే షాపు ఖాతాకు పంపుతుంది. అందుకే ఈ ఏజెంట్లు కొటేషన్ కూడా మేమే తెస్తామంటారు. ఏ షాపు కొటేషన్ పెట్టాలో వాళ్లే చెబుతారు. పాతిక వేల మిషన్‌కు నలభై వేలు రాయిస్తారు, లేదా ఎనిమిది మిషన్లు రాసి ఐదు దింపుతారు. తేడా డబ్బును షాపువాడూ ఏజెంటూ పంచుకుంటారు, కొంత మీకు చేతికిస్తారు. ఆ రోజుకు డబ్బు వచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ తేడాకు వడ్డీ కట్టేది మీరు, దొంగ బిల్లు మీద సంతకం పెట్టిందీ మీరే.

మూడేళ్ల తర్వాత చూడ్డానికి వచ్చినప్పుడు ఏమవుతుందో ఒక పిండిమర దగ్గర నేను కళ్లారా చూశాను. మర ఆడుతోంది, ముందు జనం కారం పట్టించుకోవడానికి డబ్బాలతో నిలబడ్డారు, వాయిదాలు కూడా సరిగ్గానే కట్టారు. వచ్చినాయన బిల్లు తీసి, మోటారు మీదున్న రేకు ముక్కను గుడ్డతో తుడిచి చదివాడు. బిల్లులో పది హెచ్‌పీ ఉంది. రేకు మీద ఐదు హెచ్‌పీ అని ఉంది. సీరియల్ నంబరు కూడా కలవలేదు. ఆ కుటుంబానికి ఏం చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే ఆ బిల్లులో ఏముందో వాళ్లు ఎప్పుడూ చదవలేదు. సబ్సిడీ నిలిచిపోయింది. ఏజెంటు అప్పటికి ఫోను ఎత్తడం మానేసి చాలాకాలమైంది. కష్టపడి మర నడిపినవాళ్లు వాళ్లు, శిక్ష కూడా వాళ్లకే పడింది.

ఇక పది లక్షల సంగతి. ఏజెంటు ఎప్పుడూ పెద్ద లోనే చెబుతాడు, అతని వాటా దాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి. మీకు నిజంగా ఎంత కావాలో కాగితం మీద రాసి చూద్దాం. ఇవి ఉదాహరణకు వేసిన ధరలు, మీరు రెండు షాపుల్లో కనుక్కుని సరిచేసుకోండి. పవర్ మిషన్లు ఐదు, ఒక్కొక్కటి 25 వేలు అనుకుంటే 1,25,000. ఓవర్‌లాక్ మిషన్లు రెండు, 60 వేలు. ఫాల్, పీకోకు ఒక మిషన్, 15 వేలు. కటింగ్ టేబుల్, ఇస్త్రీ, ఇన్వర్టర్, లైట్లు, కుర్చీలు కలిపి 50 వేలు. ఇంతవరకు రెండున్నర లక్షలు. లైనింగ్ గుడ్డ, దారం, మొదటి నెలల కూలీలు, అద్దె లాంటివాటికి చేతిలో ఉండాల్సిన డబ్బు లక్షన్నర. మొత్తం 4 లక్షలు.

ఇందులో మీ వాటా 5 శాతం, అంటే 20 వేలు. బ్యాంకు ఇచ్చేది 3,80,000. సబ్సిడీ 1,40,000. అది టీడీఆర్‌లో ఉంటుంది కాబట్టి మీరు నిజంగా కట్టాల్సింది 2,40,000, దాని వడ్డీ. 11 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు 5,200 రూపాయల చుట్టుపక్కల పడుతుంది. ఒక జాకెట్టుకు కూలి, దారం, కరెంటు అన్నీ పోను మీకు 60 రూపాయలు మిగులుతాయనుకోండి. వాయిదా కోసమే నెలకు 87 జాకెట్లు కుట్టాలి. ఐదుగురు కూర్చుంటే అది కష్టం కాదు.

అదే ఏజెంటు చెప్పిన పది లక్షలైతే మీ వాటా 50 వేలు, బ్యాంకు లోన్ తొమ్మిదిన్నర లక్షలు, సబ్సిడీ మూడున్నర లక్షలు. కట్టాల్సింది 6 లక్షలు. అదే వడ్డీకి, అదే గడువుకు నెలకు 13 వేలు. అంటే 217 జాకెట్లు వాయిదాకే పోతాయి. ఊళ్లో అంత పని ఉందా? శ్రావణమాసంలో, పెళ్లిళ్లప్పుడు ఉంటుందేమో, ఆషాఢంలో ఉంటుందా? పైగా లక్షా పదిహేను వేలు ఏజెంటుకు పోతే అంత సామాను మీ షాపులో తక్కువ ఉంటుంది. సబ్సిడీ ఆగిపోతే ఆరు లక్షల లెక్క కాస్తా తొమ్మిదిన్నర లక్షల లెక్కవుతుంది. ఈ రెండు లెక్కలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి మీ ఆయనకు చూపించండి. ఆయన మీ మంచికోరే అంటున్నారు, ఈ లెక్క ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

4 లక్షల ప్రాజెక్టుకు మరో సౌకర్యం ఉంది. 10 లక్షల లోపు లోన్‌కు బ్యాంకు పొలం కాగితాలో, ఇంటి కాగితాలో తాకట్టు అడగకూడదు. చదువు నిబంధన కూడా ఐదు లక్షలు దాటిన సర్వీసు యూనిట్లకు, పది లక్షలు దాటిన తయారీ యూనిట్లకే, అదీ ఎనిమిదో తరగతి. మీరు పది పాసయ్యారు కాబట్టి మీకు ఎటూ ఇబ్బంది లేదు, కానీ ఇది చదివే మరొకరికి పనికొస్తుందని చెబుతున్నాను.

దరఖాస్తుకు ముందు మీలాంటివాళ్లకు అడ్డొచ్చేవి మూడు చూసుకోండి. మొదటిది, ఈ పథకం కొత్త యూనిట్లకే. ఇంట్లో ఒక మిషన్ మీద కుట్టుకోవడం మీ అనుభవం, దాన్ని దాచక్కర్లేదు. కానీ ఇప్పటికే టైలరింగ్ షాపు పేరుతో, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లాంటిది ఉంటే పాత యూనిట్ అనే ప్రశ్న వస్తుంది. ఏజెంటు చేయించేశాడేమో చూసుకోండి. రెండోది, భార్యాభర్తలను ఒకే కుటుంబంగా లెక్కేస్తారు, ఒక కుటుంబంలో ఒక్కరికే. మీ ఆయన పేరుతో గతంలో ప్రభుత్వ సబ్సిడీ లోన్ ఏదైనా తీసుకున్నారా అన్నది ఇంట్లో నిజాయితీగా మాట్లాడుకోండి.

మూడోదే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. పాత బాకీలు. బ్యాంకు మీ పాన్ నంబరుతో క్రెడిట్ రిపోర్టు తీస్తుంది. డ్వాక్రా లోన్ కిస్తీలు, ఫైనాన్స్‌లో కొన్న ఫోను, బంగారం లోను, అన్నీ అందులో కనిపిస్తాయి. ఏడాదికి ఒకసారి మీ రిపోర్టును మీరు ఉచితంగా తెచ్చుకోవచ్చు, సిబిల్ లాంటి ప్రతి సంస్థా ఇవ్వాల్సిందే. ఎప్పుడో మూడు వేల దగ్గర ఆగిపోయిన ఫోను లోను ఉంటే ముందు దాన్ని కట్టేసి, నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, తర్వాత దరఖాస్తు పెట్టండి. మేనేజర్ కాదన్న లోన్లలో చాలావరకు ఇక్కడే ఆగుతాయి. ఏజెంటు దీన్ని మార్చలేడు.

శిక్షణ గురించి మీరు అడగలేదు, కానీ నేనైతే అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి, ఆర్‌సెటీ అంటారు. ఒక్కో జిల్లాలో ఒక్కో బ్యాంకు నడుపుతుంది. కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో ఇలాంటి సంస్థ మొదట పెట్టారు, అది చూసే దేశమంతా ఈ ఆర్‌సెటీలు వచ్చాయి. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. పల్నాడు 2022లో గుంటూరు నుంచి విడిపోయిన జిల్లా కాబట్టి మీకు పాత జిల్లాలోని సంస్థే వర్తించవచ్చు. మీ బ్యాంకు శాఖలో గానీ, జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు ఆఫీసులో గానీ అడిగితే ఏది మీదో చెబుతారు. లీడ్ బ్యాంకు మేనేజరు అంటే జిల్లాలో అన్ని బ్యాంకుల మధ్య సమన్వయం చూసే అధికారి. ఎల్‌డీఎం అంటే ఎవరైనా చెబుతారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే రోజూ వెళ్లివచ్చే వీలుందో లేదో ముందే అడగండి.

ఎనిమిదేళ్లుగా కుడుతున్న మీకు కుట్టు వాళ్లు నేర్పేది తక్కువే కావచ్చు. అక్కడ నేర్చుకోవాల్సింది వేరే ఉంది: ధర ఎలా కట్టాలి, కూలీ లెక్క ఎలా రాయాలి, బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ఏముండాలి. శిక్షణ అయ్యాక కూడా రెండేళ్లపాటు ఫోన్ చేసి కనుక్కుంటూ, బ్యాంకు లోను కోసం వాళ్లే మాట సాయం చేస్తారు. ఏజెంటు డబ్బు తీసుకుని చేస్తానంటున్న పనిలో నిజంగా పనికొచ్చే భాగం ఇదే. ఇక్కడ అది ఊరికే దొరుకుతుంది. లోను మంజూరయ్యాక సబ్సిడీ కోసం పీఎంఈజీపీలో ఒక చిన్న శిక్షణ తప్పనిసరి, ఐదు లక్షల లోపు ప్రాజెక్టుకు ఐదు రోజులు, ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. ఆర్‌సెటీ సర్టిఫికెట్ ఉంటే అది మళ్లీ చేయాలా అన్నది దరఖాస్తు చూసే ఆఫీసులో అడగండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, kviconline.gov.in లో. దరఖాస్తుకు ఫీజు లేదు. ముందు ఆ సైట్‌లో ప్రస్తుతం ఏ నిబంధనలు నడుస్తున్నాయో, దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో చూసుకోండి. ఈ పథకం దరఖాస్తులంటూ చివర gov.in లేని సైట్ ఏదైనా కనిపిస్తే, మీద అశోక చక్రం ఉన్నా, ప్రధాని ఫొటో ఉన్నా నమ్మకండి. ఆ సైట్‌లోనే టైలరింగ్‌తో సహా రకరకాల యూనిట్లకు నమూనా ప్రాజెక్టు రిపోర్టులు ఉంటాయి. నాలుగు లక్షల యూనిట్‌కు దాన్ని పక్కన పెట్టుకుని మీ ధరలు వేసుకుంటే సరిపోతుంది. మీకు కంప్యూటర్ అలవాటు లేకపోతే చదువుకున్న మేనల్లుడో, మీ ఊరి సచివాలయంలో తెలిసినవాళ్లో ఎవరైనా పక్కన కూర్చుని నింపొచ్చు. నెట్ సెంటర్‌లో చేయిస్తే టైపు చేసినందుకు వాళ్ల ఛార్జీ ఇవ్వడం తప్పు కాదు, అది కూలి. లోను ఇప్పించినందుకు వాటా అడిగితే అది వేరు.

నింపేటప్పుడు ఒక్కచోట మాత్రం కళ్లు పెట్టుకుని చూడండి: మొబైల్ నంబరు. అక్కడ మీ నంబరే ఉండాలి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఓటీపీ అన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఏజెంట్లు తమ నంబరు వేసేస్తారు. అప్పుడు దరఖాస్తు మీదే అయినా తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. ఫైలు ఎక్కడుందో మీకు కనిపించదు. సైట్‌లో అది దానంతటదే ఆఫీసు నుంచి బ్యాంకుకు వెళ్లిన రోజు వాళ్లు మీకు ఫోన్ చేసి "నేను కదిలించాను" అంటారు. మీ నంబరే ఉంటే ఆ మాట ఎవరూ అనలేరు.

కావాల్సిన కాగితాలు ఎక్కువ లేవు. ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ పత్రం, పదో తరగతి మార్కుల జాబితా, ఊరు పంచాయతీ కిందే ఉందని చెప్పే పత్రం, ప్రాజెక్టు రిపోర్టు, మిషన్ల కొటేషన్లు. కొటేషన్ మీరే వెళ్లి తెచ్చుకోండి. జీఎస్టీ నంబరున్న షాపు నుంచి, మిషన్ కంపెనీ, మోడల్ రాసినవి తీసుకోండి. మిషన్లు వచ్చిన రోజే బిల్లులోని సీరియల్ నంబర్లు మిషన్ల మీదున్న నంబర్లతో కలుస్తున్నాయో లేదో చూసి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత ఆ ఫొటోలు మీకు అక్కరకొస్తాయి.

దరఖాస్తు పెట్టకముందే మీ ఖాతా ఉన్న శాఖకు వెళ్లి మేనేజరును కలవండి. డ్వాక్రా ఖాతా ఉన్న శాఖైతే ఇంకా మంచిది, మీ గ్రూపు ఎలా కడుతోందో వాళ్లకు తెలుసు. చెప్పాల్సింది సూటిగా చెప్పండి: ఇన్నేళ్లుగా కుడుతున్నాను, నెలకు ఇంత వస్తోంది, నాలుగు లక్షల యూనిట్ పెట్టాలనుకుంటున్నాను, ఈ పథకంలో మీ శాఖ పేరు రాసుకోవచ్చా. కస్టమర్ల పేర్లు, కొలతలు రాసుకునే నోటుబుక్కు మీ దగ్గర ఉండే ఉంటుంది. పట్టుకెళ్లండి. ఎనిమిదేళ్ల నోటుబుక్కు చూపించిన మనిషికీ, ఏజెంటు పక్కన నిలబడి మాట్లాడకుండా ఉన్న మనిషికీ తేడా ఏ మేనేజరుకైనా కనిపిస్తుంది. "మేనేజర్ నా మనిషే" అనే మాట నిజం కానివే ఎక్కువ. ఒకవేళ నిజమైతే అది ఇద్దరి మీదా ఫిర్యాదు చేయాల్సిన సంగతి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పథకంలో అర్హత ఉన్నంత మాత్రాన లోను రావాలని లేదు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి బ్యాంకు నిర్ణయమే. నెలలు పట్టొచ్చు. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి, పోర్టల్‌లోనూ చూడండి. కారణం సరిదిద్దుకోగలిగినదైతే సరిదిద్దుకోండి. ఊరికే తిప్పుతున్నారనిపిస్తే దరఖాస్తు నంబరు వేసి ఎల్‌డీఎంకు, బ్యాంకు రీజినల్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే cms.rbi.org.in లో, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. అంబుడ్స్‌మన్ లోను ఇప్పించలేరు, కానీ జవాబు ఇవ్వకుండా తిప్పడం, అక్కర్లేని ఛార్జీలు వేయడం లాంటివాటి మీద అడుగుతారు.

మధ్యలో డబ్బు కట్టాల్సిన సందర్భాలు వస్తాయి కాబట్టి ఏది సరైనదో ఎలా తెలుసుకోవాలంటే, డబ్బు ఎక్కడికి పోతోందో చూడండి. మీ 5 శాతం వాటా మీ లోన్ ఖాతాకే కడతారు. గ్యారంటీ ఫీజో, బీమా ప్రీమియమో ఉంటే బ్యాంకు మీ ఖాతాలో రాసి చూపిస్తుంది. ఒక మనిషి ఫోన్ పే నంబరుకో, చేతికో ఇమ్మంటే అది ఏ పేరుతో అడిగినా ఇవ్వకండి. ఖాదీ కమిషన్ ఈ పథకానికి ఏ ఏజెంటునీ, ప్రైవేటు సంస్థనూ పెట్టలేదని తన పోర్టల్‌లోనే రాసి ఉంచింది. మీ ఆయనకు ఫోనులో అది చూపించండి.

నాలుగు లక్షల అప్పు కూడా భయంగా ఉంటే, ముందు ఇంకో మిషన్ మాత్రమే కావాలంటే, పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబరులో మొదలైన పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15 వేల వోచరు ఇస్తారు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు లోను ఇస్తారు. కానీ రెండూ ఒకేసారి అనుకోకండి. పీఎంఈజీపీ లోను తీసుకున్నవాళ్లు ఐదేళ్లలోపు విశ్వకర్మలో చేరలేరు. ఏదో ఒకటి తేల్చుకోండి. ఇక ముద్ర లోనుకు కూడా సబ్సిడీ ఉందని ఊళ్లలో తిరుగుతున్న మాట అబద్ధం. ముద్రలో సబ్సిడీ లేదు, తాకట్టు లేని మామూలు లోను అది.

ఇప్పుడు మీరిచ్చేసిన జిరాక్సుల సంగతి. ఆధార్, పాన్ అతని దగ్గర ఉన్నాయి కాబట్టి మీ పేరు మీద ఏదైనా పెట్టాడేమో చూడాలి. క్రెడిట్ రిపోర్టు తెచ్చుకుంటే మీకు తెలియని లోను గానీ, ఎంక్వైరీ గానీ ఉంటే కనిపిస్తుంది. పీఎంఈజీపీలో మీ ఆధార్‌తో కొత్త దరఖాస్తు పెట్టబోతే ముందే ఉందని చూపిస్తే, అతను పెట్టేశాడన్నమాట. అప్పుడు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి, ఆ నంబరు నాది కాదు, నా నంబరు పెట్టండి లేదా ఆ దరఖాస్తు రద్దు చేయండి అని రాసిచ్చి, రసీదు తీసుకోండి. ఇకపై ఎవరికైనా జిరాక్సు ఇస్తే అడ్డంగా తేదీ, దేనికిస్తున్నారో రాసి ఇవ్వండి. ఎప్పుడైనా ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే ఈరోజే బ్యాంకుకు వెళ్లి ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని స్టాప్ పేమెంట్ రాయించండి.

ఫోన్‌లో డబ్బు పంపి మోసపోయినట్టు తేలితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే వీలు అంత ఎక్కువ. ఆఫీసులో ఉద్యోగి ఎవరైనా వాటా అడిగితే ఏసీబీ నంబరు 1064. ఈ ఏజెంటుతో గొడవ పెట్టుకోవాల్సిన పని మీకు లేదు. మళ్లీ అడిగితే "మా బ్యాంకు మేనేజరుతో నేనే మాట్లాడుకున్నాను" అని చెప్పండి చాలు, ఆ మాటను నిజం చేసుకోవడానికి ఈ వారమే శాఖకు వెళ్లండి.